సాయం చేసిన ఎదురింటివాళ్ళకు ఏం పెట్టాలి: మేం చేసిన తప్పు, దిద్దుకున్న తీరు

ప్రశ్న: మేం శ్రీకాకుళంలో అద్దెకుంటున్నాం. సొంతూరు పలాస దగ్గర పల్లె. పోయిన నెల అర్ధరాత్రి అమ్మకు ఆయాసం ఎక్కువైతే ఎదురింటి ఆటో అన్న ఆస్పత్రికి తీసుకెళ్ళి తెల్లారేదాకా మాతోనే ఉన్నాడు. మందులకు కూడా ఆయనే కట్టాడు. డబ్బులిస్తే వద్దంటున్నాడు. మంచి వాచీ కొనిద్దామనుకుంటున్నాను. ఆయన నొచ్చుకోకుండా ఏం ఇస్తే బాగుంటుంది?

జవాబు:

వాచీ ఇప్పుడే కొనకండి. ముందు ఆయన మందులకు కట్టిన డబ్బు పైసలతో సహా ఇచ్చేయండి. మీరు పెట్టాలనుకున్నది ఆ తర్వాత, వేరే రోజున, వేరే పద్ధతిలో. ఈ రెండూ కలిపేసి మేం ఒక మంచి మనిషిని బాధపెట్టాం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది విజయనగరం. నాలుగేళ్ళ కిందట సెప్టెంబరులో, వర్షం పడుతున్న రాత్రి, మా మావయ్యగారికి మూతి వంకర పోయి కుడి చెయ్యి పడిపోయింది. మా ఆయన ఉద్యోగం పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. ఎదురింటి తలుపు కొట్టాను. ఆ ఇంటాయన ఆటో నడుపుతారు. నేను అన్నయ్యా అంటాను, మా ఆయన బావా అంటారు. ఆయన లుంగీ మీదే వచ్చి మావయ్యగారిని రెండు చేతులా ఎత్తి ఆటోలో పడుకోబెట్టారు. దారిలో మావయ్యగారికి వాంతి అయింది, సీటంతా పాడైంది. ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, ఇది ఎన్నింటికి మొదలైంది అని. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేలాకే. మేం గంట లోపే చేరుకున్నాం. ఆ రోజు అన్నయ్య చేసిన పని విలువ ఆ గంటలో ఉంది.

అడ్వాన్సు 5,000, స్కాన్‌కు 2,400, మందులకు 1,260 ఆయన జేబులోంచే కట్టారు. నా దగ్గర ఉన్నది ఏడొందలు. తెల్లారాక మావయ్యగారిని విశాఖ తీసుకెళ్ళాల్సి వస్తే అంబులెన్సులో మాతో పాటు వచ్చారు. మూడు రోజులు మా పిల్లలకు అన్నం పెట్టి, తల దువ్వి, బడికి పంపింది వదిన.

మా ఆయన వచ్చాక, ఆయన ఆలోచన మంచిదే గానీ, ఒక కవర్లో 15,000 పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. అప్పుడు వాళ్ళ అరుగు మీద వదిన తమ్ముళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ ముందే కవరు అన్నయ్య చేతిలో పెట్టి "ఉంచు బావా, పర్లేదు" అన్నారు. అన్నయ్య అక్కడే కవరు విప్పి, లెక్కపెట్టి, 8,660 తీసుకుని మిగతా 6,340 మా ఆయన జేబులో పెట్టేశారు. "ఏటి బావా, నాకు కూలి కట్టినావా?" అని ఒక్క మాటన్నారు.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన మా గుమ్మం వైపు రాలేదు. ఎదురైతే "ఆఁ, బాగున్నాం" అని వెళ్ళిపోయేవారు. నాకు బాగా తెలిసింది మాత్రం గిన్నె దగ్గర. అంతకు ముందు నేను కూర పంపిస్తే ఆ గిన్నె వాళ్ళింట్లో వారం ఉండేది, ఎప్పుడో బీరకాయ పచ్చడితోనో అటుకులతోనో తిరిగొచ్చేది. ఇప్పుడు మధ్యాహ్నం పంపిన గిన్నె సాయంత్రానికే కడిగి, నాలుగు అరటిపళ్ళు పెట్టి పంపేశారు. బాకీ ఉంచుకోవడం ఇష్టం లేనివాళ్ళే అలా పంపుతారు. మీ ఇంటి గిన్నెలు ఎంత తొందరగా తిరిగొస్తున్నాయో చూసుకోండి, నొచ్చుకున్నారో లేదో మీకే తెలిసిపోతుంది.

దిద్దుబాటు అత్తయ్యగారు చెప్పారు. మూడు రకాల లెక్కలున్నాయి, కలపొద్దన్నారు. వాళ్ళు కట్టిన డబ్బు ఒకటి. మన వల్ల పాడైనది రెండోది. మనం ప్రేమతో పెట్టేది మూడోది. మొదటి రెండూ బాకీలు. వాటిలో ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చినా అది కూలి అయిపోతుంది, తక్కువ ఇస్తే వాళ్ళకు నష్టం.

మీ విషయంలో మొదటిది ఇలా చేయండి. ఎంతయిందని ఆయన్ని అడిగితే చెప్పరు. మీ అమ్మగారి ఫైల్లో మందుల షాపు బిల్లులు, అడ్వాన్సు రసీదు ఉంటాయి. వాటి మీద తేదీ, చాలా వాటి మీద టైము కూడా ఉంటుంది. ఆ రాత్రివి ఏరి కూడండి. మీ చేతి నుంచి కట్టినవి తీసేయండి. బిల్లులు పోయుంటే షాపులో అడిగితే మళ్ళీ ఇస్తారు. మొత్తం 2,870 అయితే 2,870 చిల్లరతో సహా ఇవ్వండి, 3,000 చేయకండి. ఇంట్లో ఆయన ఒక్కరే ఉన్నప్పుడు బిల్లులు కూడా చూపించి "అన్నా, ఇవి అమ్మ మందులవి" అంటే చాలు. బిల్లు కాగితం ఎదురుగా ఉంటే వద్దనడం కష్టం.

రెండోది మా ఇంట్లో ఆటో సీటు. అన్నయ్య కడుక్కున్నారు గానీ రెక్సిన్ కింద స్పాంజిలోకి దిగింది కదా, ఎండెక్కితే వాసన వచ్చేది. మా ఆయన వెళ్ళి ముందు కవరు సంగతికి "తప్పయింది బావా" అన్నారు. తర్వాత సీటు సంగతి ఎత్తారు. చెప్పకుండా చేయించి ఆశ్చర్యపరుద్దామనుకోలేదు. ఆటో ఆయన అన్నం పెట్టే బండి, ఏ రోజు ఆపాలో ఆయనే చెప్పాలి. "మా నాన్న వల్ల పాడైంది, బాగు చేయించడం మా పని" అంటే అన్నయ్య ఒప్పుకున్నారు. ఒక ఆదివారం సీట్లు కుట్టే షాపుకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. స్పాంజి మార్చి, రంగు ఆయనకు నచ్చింది వేయించారు. వచ్చేటప్పుడు ఇద్దరూ టీ తాగి వచ్చారు, టీ డబ్బులు అన్నయ్య కట్టారు. నాకు అప్పుడు ఊపిరొచ్చింది. మీ అమ్మగారికి కప్పిన దుప్పటి, పంపిన ఫ్లాస్కు ఇలాంటివి మీ దగ్గర ఉండిపోయాయేమో ఒకసారి చూడండి. దుప్పటి మరకలు పోకపోతే కొత్తది ఇవ్వొచ్చు, అది ఎవరూ కాదనరు.

కిరాయి గురించి ఒక మాట. ఆ రాత్రి కిరాయి ఆయన తీసుకోరు, బలవంతం చేయకండి. కానీ అమ్మగారిని మళ్ళీ చూపించడానికి తీసుకెళ్ళాలి కదా, ఆయన ఆటోనే పిలవండి. స్టాండులో ఎంతుందో అంతే ఇవ్వండి, ఎక్కువ వద్దు. అది ఆయన పని, పనికి డబ్బు తీసుకోవడంలో ఎవరికీ చిన్నతనం లేదు. మొదటిసారి వద్దంటే "నువ్వు తీసుకోకపోతే రేపు ఇంకో ఆటో పిలవాల్సి వస్తుందన్నా" అని చెప్పండి. మేం మావయ్యగారి ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు ఆయన బండిలోనే వెళ్ళాం.

ఇక మూడోది. మాకు పైడితల్లమ్మ పండగ దొరికింది. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను తిరుగుతుంది. పండగ రెండు రోజులూ విజయనగరంలో ప్రతి ఇంటికీ చుట్టాలొస్తారు, ఆడపిల్లలకు బట్టలు పెడతారు. నేను ఆ సంవత్సరం మూడు నేత చీరలు కొన్నాను. ఆడపడుచుకి ఒకటి, తోటికోడలికి ఒకటి, వదినకి ఒకటి. మూడూ ఒకే షాపు, ఒకే ధర. వదినకని ఖరీదు పెంచలేదు. వదిన వచ్చేసరికి మిగతా ఇద్దరూ చీరలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నారు. బొట్టు పెట్టి, పళ్ళూ తాంబూలంతో చీర చేతిలో పెడితే వదిన వాళ్ళ చీరల వైపు ఒకసారి చూసింది, తన చీర అంచు వేళ్ళతో తడిమింది, "నాకు ఆకుపచ్చ ఇష్టమని నీకెలా తెలుసు?" అంది. ఆస్పత్రి మాట ఎవరం ఎత్తలేదు.

పిల్లలకు తల దువ్వింది వదిన. మేం మొదట కవరు పట్టుకెళ్ళింది మాత్రం అన్నయ్యకు. మీ ఆటో అన్న ఆ రాత్రి బయట ఉంటే ఇంట్లో ఆవిడ నిద్ర లేకుండానే గడిపి ఉంటుంది. ఆవిడను మరచిపోకండి. వాళ్ళకు పసుపు కుంకుమ అలవాటు లేకపోయినా, భర్త లేని పెద్దావిడ ఇంట్లో ఉన్నా, తాంబూలం ఊసు లేకుండా పళ్ళతో ఇవ్వండి. లేకపోతే ఇచ్చే చోటే ఇబ్బంది మొదలవుతుంది.

వాచీ ఎందుకు వద్దన్నానంటే, బట్టలైనా వస్తువైనా మన దగ్గర తిరిగి పెట్టే ఆనవాయితీ ఉంది. రేపు మీ ఇంట్లో శుభకార్యమైతే ఆయన దానికి తగ్గట్టు తేవాలనుకుంటారు. ఆయన సులువుగా తిరిగి పెట్టగలిగినంతే మీరు పెట్టండి. పొందూరు ఖద్దరు పంచె ఇమ్మని కూడా ఎవరైనా చెబుతారు. అది నిజంగా గొప్ప బట్టే. కానీ సన్న నూలు పంచె వేలల్లో ఉంటుంది, చేత్తో ఉతికి గంజి పెట్టుకోవాలి. రోజంతా ఆటోలో కూర్చునే మనిషి బీరువాలో దాచుకోవాల్సిందే.

మీది పలాస వైపు కాబట్టి మీకు ఇంకా తేలిక. ఊరెళ్ళొచ్చినప్పుడు అరకిలో జీడిపప్పు, నాలుగు కొబ్బరికాయలు, కాలమైతే ఒక పనసకాయ తీసుకెళ్ళండి. జీడిపప్పు గుండ్లు కాకుండా బద్దలు తీసుకోండి. బద్దల ధర తక్కువ, రుచి అదే, ఉప్మాలోనూ పాయసంలోనూ వేసుకుంటారు. గిఫ్టు ప్యాకింగ్ వద్దు, షాపువాడు కట్టిన కవరుతోనే ఇవ్వండి. ఊరి నుంచి తెచ్చినది పక్కింటికి పంచడం మామూలే, దానికి కారణం చెప్పక్కర్లేదు. స్వీట్లు ఇచ్చే పనైతే ఇంట్లో ఎవరికైనా షుగరుందేమో ముందు కనుక్కోండి.

వీధిలో అందరి ముందూ, వాట్సాప్ గ్రూపులో ఆయన్ని పొగడకండి. దాని బదులు అమ్మగారు నాలుగడుగులు వేయగలిగాక మీరే పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళండి. మావయ్యగారు నెలన్నర తర్వాత కర్ర పట్టుకుని రోడ్డు దాటి వాళ్ళ అరుగు మీద కూర్చున్నారు. అప్పటికి మాట ఇంకా ముద్దగానే ఉంది. ఎడమ చేత్తో అన్నయ్య చెయ్యి పట్టుకుని "బాబూ" అన్నారు, అంతకు మించి రాలేదు. అన్నయ్య లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు, గ్లాసు ఆయన చేతికి ఇవ్వకుండా తనే పట్టి తాగించారు.

మా స్టీలు క్యారేజీ ఒకటి పది రోజులుగా వాళ్ళింట్లోనే ఉంది. నేను అడగలేదు.