ఆ చెప్పులు చాలు

అమ్మాయీ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. పదకొండో పేజీలో "మాంటేజ్: నాన్న కష్టపడతాడు, వెనక పాట" అని ఒక్క లైను రాసి, కింద పద్నాలుగు షాట్లు వరసగా పెట్టావు. సూర్యోదయం, బస్సు, టికెట్లు కొట్టడం, చెమట తుడుచుకోవడం, మళ్లీ బస్సు. చదువుతుంటే కోపం వచ్చింది. పదమూడో షాటు దగ్గర ఆగిపోయాను. గుమ్మం ముందు నాన్న చెప్పు, తెగిన పట్టీకి పిన్నీసు. ఆ పిన్నీసు కోసమే ఈ ఉత్తరం.

మాంటేజ్ అంటే ఏమిటని అడిగావు. ఫ్రెంచిలో ఆ మాటకు ముక్కలు కలిపి బిగించడమని అర్థం. అక్కడ ఎడిటింగ్ మొత్తాన్నీ అలాగే అంటారు. మన దగ్గర నటులు పెదవి కదపకుండా వెనక వినిపించే పాటకు షాట్లు పేరిస్తే మాంటేజ్ సాంగ్ అంటున్నాం. నేను నమ్మేది మాత్రం ఒకటే: వరస మారిస్తే అర్థం మారాలి. మారకపోతే అది ఫొటో ఆల్బమ్, మాంటేజ్ కాదు.

1925లో ఐసెన్‌స్టీన్ తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్'లో మూడు రాతి సింహాలుంటాయి. ఒకటి నిద్రపోతోంది, ఒకటి మేలుకుని తల ఎత్తింది, ఒకటి లేచింది. క్రిమియాలోని అలుప్కా ప్యాలెస్‌లో ఉన్న వేర్వేరు శిల్పాలవి. ఓడ ఫిరంగి పేలాక ఆ మూడింటినీ గబగబా ఒకదాని వెనక ఒకటి వేశాడు. ఒకే సింహం ఉలిక్కిపడి లేచినట్టు కనిపిస్తుంది. రాయి కదల్లేదు, కదలిక మన కళ్లలో పుట్టింది. అదే మూడు షాట్లను వెనక నుంచి వేసి చూడు, సింహం పడుకుంటుంది.

ఇక 1941 నాటి 'సిటిజన్ కేన్'లో బ్రేక్‌ఫాస్ట్ సన్నివేశం. ఆర్సన్ వెల్స్ ఒక పెళ్లి చెడిపోవడాన్ని రెండు నిమిషాల్లో చూపించాడు. ఆరు ఉదయాలు, అదే జంట, అదే బ్రేక్‌ఫాస్ట్. మొదట్లో ఇద్దరూ దగ్గరగా కూర్చుని మురిపెంగా మాట్లాడుకుంటారు. ఒక్కో ఉదయం మాట కరుకెక్కుతుంది. చివరికి మాటే లేదు. పొడుగాటి టేబుల్‌కి ఆ చివర ఆవిడ, భర్తకు పోటీగా నడిచే పత్రిక చదువుతూ ఉంటుంది. గమనించు, ఆ జంట, ఆ బ్రేక్‌ఫాస్ట్ మారలేదు. అవి మారలేదు కాబట్టే మారినవి మన కంట్లో పడ్డాయి. నీ పద్నాలుగు షాట్లలో ఉండిపోయేది ఏదీ లేదు, అందుకని మారేదీ కనిపించదు.

నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. నా రెండో సినిమాకి "హీరో ఎదుగుతాడు - మాంటేజ్" అని రాసిచ్చి ఇంటికి పోయాను. షూటింగ్‌లో టైమ్ మిగిలిన ప్రతి సాయంత్రం హీరో నడుస్తున్న షాటు ఒకటి తీసుకొచ్చారు. ఎడిటింగ్ రూమ్‌లో నడకలే నడకలు, ఏది ముందో ఏది వెనకో ఎవరికీ తెలియదు. నిర్మాత పాట పొడుగు పెంచమన్నాడు. నాలుగున్నర నిమిషాలైంది. థియేటర్లో ఆ పాట రాగానే జనం లేచి బయటికి పోతుంటే వెనక వరసలో నిలబడి చూశాను. రాయాల్సిన పని నేను రాయలేదు, ఆ ఖాళీని పాటతో నింపారు. ఇవాళ్టికీ అదే ఫ్యాషన్. ప్రేమ పుట్టాలన్నా, కంపెనీ పెరగాలన్నా పాటలోకి తోసేస్తున్నారు.

నీ పిన్నీసు దగ్గరికి వద్దాం. కెమెరాని గుమ్మం ముందు ఒకే చోట పెట్టు, మెట్టు మీద రెండు జతలు. మొదటి షాట్‌లో నాన్నవి కొత్త చెప్పులు, పక్కన పిల్లవాడి బుల్లి చెప్పులు. రెండో దాంట్లో పిల్లవాడివి స్కూల్ బూట్లు, నాన్న చెప్పు మడమ అరిగింది. మూడో దాంట్లో కుర్రాడివి స్పోర్ట్స్ షూ, నాన్న చెప్పుకి పిన్నీసు. నాలుగో దాంట్లో నాన్న చెప్పులే ఉన్నాయి, పక్కన చోటు ఖాళీ. ఫ్రేమ్ అలవాటు కావాలి కాబట్టి మొదటి షాటు ఐదారు సెకన్లు ఉంచు. మధ్యవి రెండేసి సెకన్లు చాలు. ఖాళీ మెట్టు మీద మాత్రం తొందరపడకు. ఈ నాలుగింటినీ చీటీల మీద రాసి తిరగేసి చూడు, కథ చెడిపోతుంది. ఆ పద్నాలుగింటినీ అలాగే వరస మార్చి చూడు, ఏమీ కాదు.

ఒక్క జాగ్రత్త. పన్నెండో పేజీలో కొడుకు ఊరు వదిలి వెళతానని నాన్నకి చెప్పే మాటల్ని కూడా పాటలోనే కలిపేశావు. అది కాలం గడవడం కాదు, ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. నాన్న ముఖం చూడకుండా ప్రేక్షకుడు దాన్ని నమ్మడు. దాన్ని బయటికి తీసి పూర్తి సీనుగా రాయి, మూడో షాటుకీ నాలుగో షాటుకీ మధ్యన పెట్టు. అప్పుడు ఆ ఖాళీ మెట్టు ఎంతసేపు ఉండాలో ఎడిటింగ్‌లో నీకే తెలుస్తుంది.