బెంగళూరు కారు 90 వేలు తక్కువకే వస్తోంది, కొనొచ్చా?

ప్రశ్న: సార్, మేము మియాపూర్‌లో ఉంటాం. 2019 మోడల్ పెట్రోల్ కారు బెంగళూరులో 5,35,000కి వస్తోంది, కేఏ నంబరు. అదే మోడల్ ఇక్కడ 6,25,000 చెబుతున్నారు. ఏడాది దాకా కేఏ నంబరు మీదే తిరగొచ్చని అమ్మే డీలరు అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: ముందు ఆ ఏడాది మాట తేల్చుకుందాం. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లో 12 నెలల గడువు ఉన్న మాట నిజమే. అయితే అది బండితో పాటు వేరే రాష్ట్రానికి మకాం మార్చిన యజమానిని ఉద్దేశించినది. బెంగళూరు నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చిన ఉద్యోగి తన కారును తన పేరు మీదే కొన్నాళ్లు నడుపుకుంటాడు, అతనికి ఆ వెసులుబాటు. మీరు కొంటున్నారు కాబట్టి మీకు 50వ సెక్షన్ వర్తిస్తుంది, బండి చేతికొచ్చిన 30 రోజుల్లో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవాలి. పేరు మారకుండా ఏడాది తిరిగితే, ఆ మధ్యలో యాక్సిడెంట్ అయితే కేసు రికార్డులో ఉన్న పాత యజమాని మెడకు చుట్టుకుంటుంది. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ సంగతి తెలిసిన అమ్మకందారు మీకు ఏడాది గడువు ఇవ్వడు. ఇస్తున్నాడంటే తెలియకైనా ఉండాలి, డీలరు అతనితో ఆ మాటే ఎత్తకపోయి ఉండాలి.

ఇక అసలు ఖర్చు. ఆర్టీఓలో పేరు మార్పిడి, కొత్త నంబరు, స్మార్ట్ కార్డు ఫీజులు కలిపినా పెద్ద మొత్తం కాదు. భారం లైఫ్ ట్యాక్స్ దగ్గర పడుతుంది. కర్ణాటకలో కట్టిన పన్ను తెలంగాణలో చెల్లదు, ఇక్కడ మళ్లీ కట్టాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. పన్ను మీరు కొన్న 5,35,000 మీద వేయరు, బండి కొత్తగా ఉన్నప్పటి ఇన్‌వాయిస్ ధర మీద వేస్తారు. బండి వయసు పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది, ధర మాత్రం పాతదే. అందుకే ఇన్‌వాయిస్ కాపీ లేకుండా బేరం ముగించకండి. ఆ కాపీ, ఆర్సీలోని మొదటి రిజిస్ట్రేషన్ తేదీ పట్టుకుని మీ ఆర్టీఓకి వెళ్లి, ఎంత పడుతుందో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

లెక్క కోసం ఇన్‌వాయిస్ 9 లక్షలు, పన్ను 9 శాతం అనుకుందాం. 81,000 అయింది. బండి చూడటానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి ప్రయాణం, దాదాపు 570 కిలోమీటర్ల పెట్రోలు, టోల్ కలిపి 9,000. అక్కడి మెకానిక్‌తో చూపించుకోవడానికి 2,500. ఫీజులు, ఏజెంటు కలిపి 7,000. ఇన్సూరెన్స్ దగ్గర ఇంకో 4,000 వేసుకోండి. పాలసీ మీ పేరుకు మారుతుంది కానీ, పాత యజమాని క్లెయిమ్‌లు చేయకుండా సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా మిగిలిన కాలానికి మీరే కట్టాలి. మొత్తం 1,03,500. మీరు మిగులుతుందనుకున్నది 90,000.

కర్ణాటకలో లైఫ్ ట్యాక్స్ కొంత వాపసు వస్తుంది కదా అని డీలరు అంటాడు. బండి వేరే రాష్ట్రంలో మళ్లీ రిజిస్టరైతే మిగిలిన కాలానికి లెక్కగట్టి తిరిగిచ్చే పద్ధతి ఉంది. అయితే మీ చేతికి టీజీ నంబరు ఆర్సీ వచ్చాకే దానికి దరఖాస్తు పెట్టాలి, మళ్లీ బెంగళూరు ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ డబ్బు మీదా, పాత యజమానిదా అన్నది అమ్మకం ఒప్పందంలోనే రాసుకోండి. లెక్కలో మాత్రం దాన్ని సున్నా అనే వేసుకోండి. వస్తే పండగ.

ఇంత చూశాక కూడా కొనాలనుకుంటే, ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఎన్‌ఓసీ అంటే 28వ నంబరు ఫారం. ఈ బండి రాష్ట్రం దాటడానికి మాకు అభ్యంతరం లేదని, రిజిస్టరైన ఆర్టీఓ ఇచ్చే కాగితం. దరఖాస్తు చేయాల్సింది ఆర్సీలో ఉన్న యజమాని, ఓటీపీ కూడా ఆర్సీకి జతైన అతని ఫోన్‌కే వస్తుంది. డీలరు దగ్గర కొనేటప్పుడు అసలు ఇబ్బంది ఇదే. యజమాని ఎప్పుడో డబ్బు తీసుకుని నంబరు మార్చేసి ఉంటాడు. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ యజమానితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించమనండి. డీలరు తప్పించుకుంటుంటే అక్కడితో ఆపేయండి.

ఎన్‌ఓసీకి మూడు చోట్ల అడ్డం పడుతుంది. మొదటిది లోను. బాకీ తీరినా ఆర్సీలో హైపోతికేషన్ ఉండిపోతుంది, దాన్ని తీయించడానికి బ్యాంకు 35వ ఫారం, లోను ముగిసిన లేఖ ఇవ్వాలి. రెండోది ట్రాఫిక్ చలానాలు. మా బావమరిది పుణె నుంచి బండి తెచ్చుకుంటూ 40,000 అడ్వాన్స్ ఇచ్చాక తెలిసింది, దాని మీద పదకొండు చలానాలున్నాయని. ‘అవి నీ బండివి కదా, నువ్వే కట్టు’ అన్నాడు అమ్మినాయన. రెండు నెలలు ఎన్‌ఓసీ ఆగిపోయింది, చివరికి సగం సగం కట్టుకున్నారు. మీరు mParivahan యాప్‌లో బండి నంబరు కొట్టి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ వివరాలు చూసుకోండి, చలానాలు బెంగళూరు పోలీసుల దగ్గర కూడా విడిగా చూసుకోండి. మూడోది దొంగబండి కాదన్న పోలీసు రికార్డు నివేదిక, ఎన్‌సీఆర్‌బీ రిపోర్టు అంటారు. ఆ కాగితంలోని ఛాసిస్ నంబరును బండి మీద కొట్టిన నంబరుతో ఒక్కో అంకె పోల్చి చూడండి. ఒక అంకె తేడా వచ్చినా మన ఆర్టీఓ తనిఖీలో వెనక్కి పంపుతారు.

ఎన్‌ఓసీలో ఏ ఆర్టీఓకి వెళ్తోందో రాస్తారు. ఊరికే హైదరాబాద్ అని రాయించుకుని, తీరా మీ చిరునామా మరో ఆఫీసు పరిధిలోకి వస్తే కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. దరఖాస్తుకు ముందే మీ ఆధార్ చిరునామాకు ఏ ఆర్టీఓ వర్తిస్తుందో కనుక్కుని అమ్మకందారుకు మెసేజ్ పెట్టండి. ఇక్కడికి వచ్చాక 29, 30 ఫారాలతో పేరు మార్పిడి, 27తో కొత్త నంబరు, పన్ను చెల్లింపు, బండి తనిఖీ ఉంటాయి. 29, 30ల మీద అమ్మకందారు సంతకం ఎన్‌ఓసీ తీసుకున్న రోజే పెట్టించుకోండి. పాత ఫాస్టాగ్ కూడా అతనితోనే మూయించండి. లేకపోతే మీరు దాటిన టోల్‌కు అతని ఖాతాలోంచి డబ్బు పోతుంది, ఫోన్లు మీకొస్తాయి.

ఇక బేరం సంగతి. ఇక్కడి 6,25,000 నుంచి 1,03,500 తీసేస్తే 5,21,500. అక్కడికి రెండు ధరలూ సమానం, మీ తిరుగుడికి కూలి లేదు. పైగా రేపు మీరు అమ్మేటప్పుడు, ఇది ముందు వేరే రాష్ట్రం బండి అని ఆర్సీ చూసినవాడు పదో ఇరవయ్యో వేలు తగ్గించి అడుగుతాడు. కాబట్టి 4,90,000 దగ్గర గట్టిగా నిలబడండి. దానికి ఒప్పుకోకపోతే ఇక్కడి బండినే 6,10,000కి అడిగి చూడండి.