సోలార్ బిల్లులో ఎగుమతి యూనిట్లు, ముందుకు తెచ్చిన నిల్వ: లెక్క సరిచూసుకునే పద్ధతి

ప్రశ్న: ఇన్వర్టర్ యాప్‌లో ఈ నెల ఉత్పత్తి 360 యూనిట్లు అని ఉంది. బిల్లులో మాత్రం ఎగుమతి 215, దిగుమతి 258 అని వేశారు. మిగతా యూనిట్లు ఏమైనట్టు? పోయిన నెల 95 ఉన్న క్యారీ ఫార్వర్డ్ ఈ నెల 52 కు ఎందుకు తగ్గింది? నిల్వ ఉండగా కూడా డబ్బు ఎందుకు కట్టమంటున్నారు?

జవాబు:

మా ఇంటి మీద కూడా కొన్నేళ్లుగా సోలార్ పలకలు ఉన్నాయి కాబట్టి ప్రతి నెలా ఈ లెక్క వేసుకోవడం నాకు అలవాటే. మీరిచ్చిన అంకెలను బట్టి చూస్తే మీ బిల్లులో తప్పు కనబడటం లేదు.

ఉత్పత్తికీ ఎగుమతికీ తేడా రావడానికి కారణం, ఆ రెండింటినీ కొలిచే పరికరాలు వేర్వేరు చోట్ల ఉండటమే. పలకల నుంచి వచ్చిన విద్యుత్తు మొత్తాన్ని ఇన్వర్టర్ లెక్కిస్తుంది. నెట్ మీటరు మాత్రం ఇంటికీ గ్రిడ్‌కూ మధ్య ఉండి, తనను దాటి బయటికి వెళ్లినదాన్ని ఎగుమతిగానూ, లోపలికి వచ్చినదాన్ని దిగుమతిగానూ రెండు వేర్వేరు ఖాతాల్లో రాసుకుంటుంది. మధ్యాహ్నం పలకలు 2 కిలోవాట్లు ఇస్తున్నప్పుడు ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, నీళ్ల మోటారు కలిసి ఒకటిన్నర కిలోవాట్లు తీసుకుంటుంటే, మీటరుకు తెలిసేది బయటికి వెళ్లే అర కిలోవాటు మాత్రమే. తక్కినది మీటరును చేరకుండానే ఇంట్లో ఖర్చవుతుంది. అంటే 360 లోంచి 215 తీసివేయగా మిగిలిన 145 యూనిట్లు మీరు పగటిపూట నేరుగా వాడుకున్నవి. వాటికి గ్రిడ్ నుంచి తీసుకున్న 258 కలిపితే ఈ నెల మీ ఇంటి అసలు వాడకం 403 యూనిట్లు అవుతుంది. ఈ 403 అనే అంకెను బిల్లులో వెతకవద్దు, అది అక్కడ ఉండదు. ఇంట్లో ఎంత కరెంటు ఖర్చవుతోందో తెలుసుకోవాలంటే ఇలా లెక్క వేసుకోవలసిందే. అయితే యాప్ సాధారణంగా ఒకటో తారీఖు నుంచి నెలాఖరు వరకు చూపిస్తుంది, బిల్లు రీడింగు తీసిన తేదీ నుంచి మళ్లీ రీడింగు తీసిన తేదీ వరకు నడుస్తుంది. కాబట్టి యాప్‌లో కూడా అవే తేదీల మధ్య ఉత్పత్తిని కూడుకుంటేనే ఈ తీసివేతకు అర్థం ఉంటుంది.

ఇక నిల్వ విషయం. ఈ నెల మీరు ఇచ్చినదానికన్నా తీసుకున్నది 43 యూనిట్లు ఎక్కువ, అంటే 258 లోంచి 215 పోగా మిగిలినవి. ఆ 43 కు డబ్బు వసూలు చేయకుండా, మీ పేరున ఉన్న 95 లోంచి వాటిని తగ్గించుకుని, మిగిలిన 52 ను వచ్చే నెలకు పంపించారు. ఎగుమతి ఎక్కువగా ఉన్న నెలలో ఇదే తిరగబడి నిల్వ పెరుగుతుంది. నిల్వ చాలక కొరత పడ్డప్పుడు ఆ కొరత యూనిట్లకు మాత్రమే ధర పడుతుంది.

వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె వంటివి ఎండ ఉన్నప్పుడే వాడితే బిల్లు తగ్గుతుందని చాలామంది సలహా ఇస్తారు. యూనిట్‌కు యూనిట్ సరిపెట్టే నెట్ మీటరింగ్‌లో దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు. మీరు 30 యూనిట్ల వాడకాన్ని రాత్రి నుంచి పగటికి మార్చారనుకోండి. ఎగుమతి 185 కు, దిగుమతి 228 కు తగ్గుతాయి. తేడా మాత్రం అదే 43. ఎగుమతి యూనిట్‌కు దిగుమతి యూనిట్ కన్నా తక్కువ ధర కట్టే పద్ధతిలోనూ, రోజులోని వేళను బట్టి యూనిట్లను విడివిడిగా సరిపెట్టే పద్ధతిలోనూ, లేదా మొత్తం దిగుమతి మీద సుంకం వేసే చోటా ఈ సలహా పనికొస్తుంది. మీ ఒప్పందం ఏ పద్ధతిదో తెలుసుకోకుండా ఇంటి పనుల వేళలు మార్చుకోవడం అనవసరపు శ్రమ అని నా అభిప్రాయం.

నిల్వ ఉన్నా డబ్బు ఎందుకు అన్నదానికి జవాబు చిన్నదే. నిల్వ తగ్గించేది యూనిట్ల ధరను మాత్రమే. కనెక్షన్ ఉన్నందుకు, మంజూరైన లోడును బట్టి పడే స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ వంటివి యూనిట్లతో సంబంధం లేనివి కాబట్టి అవి మిగిలే ఉంటాయి.

మీరు అడగకపోయినా, అన్నిటికన్నా జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఎగుమతి, దిగుమతి అంకెలు మీటరులో ఉంటాయి, కానీ ముందుకు తెచ్చిన నిల్వ మీటరులో ఎక్కడా ఉండదు. అది పంపిణీ సంస్థ బిల్లింగ్ పుస్తకంలో మాత్రమే ఉండే అంకె. రీడింగులో వచ్చే పొరపాటు చాలావరకు తనంతట తానే సరి అవుతుంది. ఒక నెల ఎగుమతి రీడింగు తీయడం మరచిపోయి సున్నా వేశారనుకోండి. మీటరు మొదటి నుంచీ కూడుకుంటూనే పోతుంది కాబట్టి, వచ్చే నెల తీసిన రీడింగులో రెండు నెలల ఎగుమతీ కలిసి కనబడుతుంది. మధ్యలో ఒక నెల పెద్ద బిల్లు రావడం, వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే శ్లాబులుంటే ఆ నెల పై శ్లాబులో పడటం ఇబ్బందే గాని, యూనిట్లు మాత్రం పోవు. నిల్వ అలా కాదు. ఒకసారి పుస్తకంలోంచి జారిపోతే దాన్ని వెనక్కి తెచ్చే రీడింగు అంటూ ఏదీ లేదు.

మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. పాత మీటరులో లోపం వచ్చి కొత్తది బిగించారు. ఆ తరువాతి బిల్లులో దిగుమతి 221, ఎగుమతి 190 సరిగానే ఉన్నాయి, కానీ ఆరంభ నిల్వ అన్న గడిలో సున్నా పడి, 31 యూనిట్లకు ధర వేశారు. అంతకుముందు బిల్లు చివర మిగులు నిల్వ 138 అని అచ్చయి ఉంది. కొత్త మీటరు నంబరుతో ఖాతాను కలిపినప్పుడు పాత నిల్వ దాని వెంట రాలేదన్నమాట. కౌంటరులో మొదట నాకు వచ్చిన జవాబు, కొత్త మీటరు సున్నా నుంచి మొదలవుతుంది కదా అని. మీటరు అంకె సున్నా కావడం వేరు, నా ఖాతాలోని యూనిట్లు సున్నా కావడం వేరు అని చెప్పి, రెండు బిల్లులనూ పక్కపక్కన పెట్టి, ఒకదాని చివరి గడినీ రెండోదాని మొదటి గడినీ చుట్టి చూపించాను. పాత మీటరు తీసేటప్పుడు రాసిన చివరి రీడింగు కాగితం కూడా జత చేశాను. దాని తరువాతి బిల్లులో 31 యూనిట్ల ధర వెనక్కి జమ అయి, ఆరంభ నిల్వ 107 గా వచ్చింది. మీటరు మార్చినా, మంజూరైన లోడు పెంచుకున్నా, కనెక్షన్ పేరు మార్చినా ఆ వెంటనే వచ్చే బిల్లులో ముందు చూడవలసింది ఈ గడినే. పోయిన నెల మిగులు నిల్వ ఎంత ఉందో ఈ నెల ఆరంభ నిల్వ కూడా అంతే ఉండాలి.

పాత బిల్లులన్నీ దాచుకోనివారు కూడా నిల్వను సరిచూసుకోవచ్చు. లెక్కల సంవత్సరం మొదట్లో ఉన్న రెండు రీడింగులు, ఆ తరువాత డబ్బు కట్టిన యూనిట్లు ఎన్నో తెలిస్తే చాలు. ఉదాహరణకు, ఆ రోజు దిగుమతి 3,900, ఎగుమతి 2,173 ఉన్నాయని, నిల్వ సున్నా నుంచి మొదలైందని అనుకుందాం. ఈ నెల మీటరులో దిగుమతి 5,070, ఎగుమతి 3,355 కనబడుతున్నాయి. అంటే మొత్తం తీసుకున్నది 1,170, ఇచ్చినది 1,182, తేడా 12. మరి బిల్లులో నిల్వ 52 ఎలా వచ్చింది? సంవత్సరం మొదటి నెలలో మబ్బులు పట్టి ఎగుమతి చాలక, అప్పటికి నిల్వ కూడా లేక 40 యూనిట్లకు డబ్బు కట్టారనుకోండి. డబ్బు కట్టి తీర్చిన యూనిట్లు మళ్లీ నిల్వలోంచి తగ్గకూడదు కాబట్టి 12 కు ఆ 40 కలపాలి. అప్పుడు 52 సరిపోతుంది. ఇచ్చినదానిలోంచి తీసుకున్నది తీసివేసి, డబ్బు కట్టిన యూనిట్లు కలిపితే వచ్చే అంకె బిల్లులోని నిల్వతో సరిపోకపోతే మధ్యలో ఏదో ఒక నెల నిల్వ జారిపోయిందని అర్థం. యూనిట్‌కు యూనిట్ సరిపెట్టే పద్ధతికే ఈ లెక్క వర్తిస్తుంది. మధ్యలో మీటరు మారి ఉంటే పాతదాని భాగాన్నీ కొత్తదాని భాగాన్నీ విడివిడిగా తీసి కలుపుకోవాలి.

రీడింగులు మీరే చూసుకోవడం కష్టం కాదు. మీటరు తెర మీద అంకెలు ఒకదాని తరువాత ఒకటి మారుతూ ఉంటాయి. చాలా మీటర్లలో `1.8.0` అన్న గుర్తుతో వచ్చేది మొత్తం దిగుమతి, `2.8.0` తో వచ్చేది మొత్తం ఎగుమతి. మీ మీటరులో ఈ గుర్తులు లేకపోతే పొద్దుగూకిన తరువాత ఒకసారి, మరునాడు తెల్లవారకముందు ఒకసారి ఫొటో తీసి పోల్చండి. రాత్రంతా కదలకుండా ఉన్న యూనిట్ల అంకె ఎగుమతిది, పెరిగినది దిగుమతిది. బిల్లులో ఈ రెండూ తారుమారుగా ఎక్కాయేమోనన్న అనుమానం కూడా ఆ ఫొటోలతోనే తీరిపోతుంది.

చివరగా, నిల్వ ఎంతకాలమైనా అలా ముందుకు సాగదు. ఒప్పందంలో లెక్కలు ముగించే తేదీ ఒకటి ఉంటుంది. చాలా చోట్ల అది ఏడాదికి ఒకసారి వస్తుంది. ఆ రోజు మిగిలిన యూనిట్లకు, మీరు కొనే ధరకన్నా సాధారణంగా బాగా తక్కువైన ధర కట్టి జమ చేస్తారు, లేదా వాటిని రద్దు చేస్తారు. ఆ తేదీ తరువాత వచ్చే మొదటి బిల్లులో ఆరంభ నిల్వ సున్నా కనబడితే అది పైన చెప్పిన జారిపోవడం కాదు, ఫిర్యాదు చేయవలసిన పని లేదు. జమ పడవలసి ఉంటే అది పడిందో లేదో మాత్రం చూసుకోండి. మీ 52 యూనిట్లకు దీనివల్ల పెద్ద నష్టమేమీ రాదు. ఎండలు బాగా కాసే నెలల్లో వందల యూనిట్లు పోగుపడి, వాడకం ఎక్కువగా ఉండే కాలం రాకముందే లెక్కలు ముగిసేవారికి మాత్రం ఆ తేదీ ఎప్పుడో తెలిసి ఉండటం ముఖ్యం. తేదీని మార్చుకునే అవకాశం ఒప్పందంలో ఉంటే, నిల్వ దాదాపు ఖాళీ అయ్యే నెలకు దాన్ని జరుపుకోవచ్చు.