బిడ్డ పెళ్లికి వస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ముహూర్తం ఆగస్టు 22కి కుదిరిందని చెప్పినప్పటి నుంచి నువ్వు రాత్రి డ్యూటీ దిగగానే ఫోన్లో టికెట్ల రేట్లు చూస్తున్నావని మరదలు చెప్పింది. సౌదీలో, దమ్మాంలో ఉన్నప్పుడు నేనూ ఆ పని చేసినవాణ్నే కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

ముందు రేటు కాదు, చుట్టీ తేదీ చూడు. మేస్త్రీ "సరే పో" అంటే చుట్టీ దొరికినట్టు కాదు. కంపెనీ కాగితం మీద తేదీలు రావాలి, ఆ తర్వాత వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా పడాలి. మా క్యాంపులో ఒకాయన చవగ్గా దొరికిందని వాపసు లేని టికెట్ ముందే కొనేశాడు. తీరా చూస్తే ఇకామా గడువు అయిపోయింది, కంపెనీ రెన్యూవల్ చేయలేదు. రీఎంట్రీ పడలేదు, టికెట్ డబ్బులు పోయాయి. నీ ఇకామా, పాస్‌పోర్టు గడువులు ఈ రోజే చూసుకో.

రీఎంట్రీ 30 రోజులకు చాలని ఆఫీసువాళ్లు అంటే 60 రోజులకు అడుగు. రెండు నెలల వరకు ఫీజు అదే 200 రియాళ్లు. ఫ్లైట్ రద్దయినా, పెళ్లిలో జ్వరం వచ్చినా కాస్త ఊపిరి ఉంటుంది. డ్యూటీలో చేరే తేదీ మాత్రం వేరు, అది చుట్టీ కాగితంలో ఉన్నదే.

ఇక రేట్లు. నువ్వు రావడానికి చూస్తున్న రేటు కంటే తిరిగి వెళ్లే రేటే అసలు టెన్షన్. బడులకు సెలవులు మొదలైనప్పుడు కుటుంబాలన్నీ ఇటు వస్తాయి. ఆగస్టు చివర బడులు తెరుస్తారని అందరూ ఒక్కసారే అటు కదులుతారు. పెళ్లవగానే 26కో 28కో తిరుగు ప్రయాణం పెట్టుకుంటే ఆ రద్దీలోనే పడతావు. ఆగస్టు 10 రాత్రి బయలుదేరి సెప్టెంబర్ 8న తిరిగి వెళ్లు. 30 రోజుల చుట్టీలో సరిపోతుంది, రద్దీ తగ్గుతుంది, పదహారు రోజుల పండుగ కూడా చూసి వెళ్తావు. ఇది మీ వదిన లెక్క, నాది కాదు.

ముంబై మీదుగా తక్కువకు వస్తుందంటున్నావు. అవి రెండు వేరు వేరు టికెట్లయితే వద్దు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముంబైలోనే అవుతాయి, పెట్టెలు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. మొదటి ఫ్లైట్ లేటై రెండోది తప్పితే ఎవరూ పట్టించుకోరు. పైగా దేశం లోపలి ఫ్లైట్లో లగేజీ తక్కువే ఇస్తారు, పెళ్లి సామాను బరువుకు అదనంగా కట్టాలి. అవన్నీ కలిపి చూస్తే శంషాబాద్‌కు నేరుగా వచ్చేదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

ఎంత వరకు పెట్టగలవో ఒక అంకె అనుకో. రీఎంట్రీ చేతికి వచ్చాక రేటు ఆ అంకెలోపు ఉంటే కొనెయ్, మళ్లీ చూడకు. తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కు కొంచెం ఎక్కువైనా అదే తీసుకో. డబ్బు కట్టే ముందు పేరు ఉన్న పేజీ ఫోటో నాకు పంపు. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది కదా, టికెట్ మీద పేరెలా పడిందో అక్షరం అక్షరం చూస్తాను.

ఇట్లు,
మీ అన్న, జగిత్యాల