డీప్ స్లీప్ పెట్టినా బ్యాటరీ రెండు వారాలే ఎందుకు వస్తోంది?

ప్రశ్న: భీమిలి బీచ్ దగ్గర డాబా మీద ఈఎస్‌పీ32 బోర్డుతో తేమ సెన్సర్ పెట్టాను. డీప్ స్లీప్ ఉన్నా 2500 ఎంఏహెచ్ సెల్ రెండు వారాల్లో ఖాళీ. ఎందుకు?

నిద్రపోతున్నది చిప్ ఒక్కటే, బోర్డు కాదు. చిప్ సుమారు 10 మైక్రోఆంప్స్‌తో సరిపెట్టుకున్నా, చాలా బోర్డుల మీదుండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఒక్కటే దాదాపు 5 మిల్లీఆంప్స్ తాగుతుంది. పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్ దానికి అదనం.

లెక్క చూడండి. పావుగంటకోసారి లేచి, 4 సెకన్లపాటు సగటున 100 మిల్లీఆంప్స్ వాడితే రోజుకు 96 సార్లు, అంటే 10.7 ఎంఏహెచ్. నిద్రలో బోర్డు 7 మిల్లీఆంప్స్ లాగితే రోజుకు 168. మొత్తం 179, సెల్ 14 రోజులకే అయిపోతుంది. తక్కువ కరెంటు తినే హెచ్‌టీ7833 లాంటి రెగ్యులేటర్ వేసి, ఎల్ఈడీ పీకేసి, నిద్ర కరెంటును 20 మైక్రోఆంప్స్‌కు దించితే అది రోజుకు అర ఎంఏహెచ్ లోపే. అప్పుడు కాగితం మీద ఏడు నెలలు, సెల్ స్వయంగా డిశ్చార్జ్ అయ్యేది తీసేస్తే ఇంకాస్త తక్కువ.

టైమర్‌తో లేపితే అదనపు ఖర్చు దాదాపు లేదు. తలుపు స్విచ్‌తో లేపితేనే జాగ్రత్త: ఎప్పుడూ మూసి ఉండే స్విచ్‌కు 10 కిలోఓమ్ పుల్‌అప్ పెడితే 3.3 వోల్టుల దగ్గర 330 మైక్రోఆంప్స్ నిరంతరం కారిపోతుంది. 1 మెగాఓమ్ పెడితే 3.3 మాత్రమే. కానీ విశాఖ ఉప్పుగాలికి బోర్డు మీద తేమపొర పట్టి అంత బలహీనమైన పుల్‌అప్‌ను కిందికి లాగేస్తుంది, పిన్ తప్పుడు స్థితి చూపిస్తుంది. అందుకే కన్‌ఫార్మల్ కోటింగ్ పూయాలి.

నిద్రవేళలు పెంచితే చాలనుకోవడం మామూలు పొరపాటు. మీ బోర్డును గంటకోసారే లేపినా 15 రోజులు కూడా దాటదు.