సగం ధరకు చేయమంటే: తగ్గింపును మొదట్లో కాదు, చివర్లో ఇవ్వండి

“కూకట్‌పల్లిలోని ఒక చీరల దుకాణం వారు 60 చీరల ఫొటోలకు నేను 30,000 రూపాయలు అడిగితే, 15,000కే చేయమంటున్నారు. ఇకపై ప్రతి నెలా పని ఇస్తామంటున్నారు. ఏం చెప్పాలి?”

ఒప్పుకోకండి అండీ. నేను ఒకసారి అలాగే సగానికి చేశాను. రెండో పనికి అసలు ధర చెబితే “పోయినసారి ఇంతే తీసుకున్నారు కదా” అన్నారు. మొదట తగ్గించిన ధరే వారి లెక్కలో మీ ధర అయిపోతుంది.

ముందుగా వారిని అడగండి: వచ్చే నెల ఎన్ని చీరలు, ఏ తేదీకి కావాలి? నిజంగా పని ఉన్నవారు సంఖ్య చెబుతారు. “చూద్దాం, చాలా ఉంటాయి” అంటే ఆ పని ఇంకా లేదనే అర్థం.

ఆ తర్వాత ఇలా రాసి పంపండి: “మొదటి 60 ఫొటోలు ఒక్కొక్కటి 500 చొప్పున. ఆరు నెలల్లో 180 పూర్తయితే, ఆపై ప్రతి ఫొటో 425కే చేస్తాను.” అప్పుడు తగ్గింపు వారి మాటకు కాదు, వచ్చిన పనికి దక్కుతుంది. ఇప్పుడే 425 కావాలంటే 240 ఫొటోలకు ఆర్డరు రాసిచ్చి, సగం డబ్బు ముందే చెల్లించమనండి. అయితే మోడల్, స్టూడియో అద్దె, ఎడిటింగ్ కలిపి ఫొటోకు మీకు ఎంత ఖర్చవుతుందో ముందే లెక్క వేసుకోండి. అది 400 దాటితే 425 కూడా ఇవ్వకండి.

వారి దగ్గర నిజంగా 15,000 మాత్రమే ఉంటే, అదే ధరకు 30 చీరలు తీయండి.