ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

చిరంజీవి రమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. సోమవారం నుంచి నీకు క్యాజువాలిటీలో నైట్ డ్యూటీలని మీ అమ్మ చెప్పింది. మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట నన్ను వదల్లేదు. "ఒకేసారి ఆరుగురొస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి పెద్దమ్మా, వెళ్ళనివాళ్ళకి ఏం చెప్పాలి?" అన్నావు. ఇరవై ఆరేళ్ళు ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో గడిపినదాన్ని, ఫోన్లో రెండు మాటలతో సరిపెట్టలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మొదట నీకు అలవాటు కావలసింది ఒకటుంది. తలుపు దగ్గర కనబడిన మొదటి స్ట్రెచర్ దగ్గర ఆగిపోకు. ఆగితే ఇరవై నిమిషాలు అక్కడే పోతాయి, వెనక ఉన్నవాళ్ళు నీకు కనబడరు. ముందు అందరి దగ్గరికీ ఒక చుట్టు తిరుగు, మనిషికి ఒక్క నిమిషం చాలు. పేరడుగు, పూర్తి వాక్యంలో జవాబు చెప్పగలుగుతున్నాడా లేదా చూడు. ఛాతీ మీద చూపు నిలిపి ఊపిరి లెక్కపెట్టు. పెద్దవాళ్ళకి నిమిషానికి 30 దాటితే ప్రమాదమే. మణికట్టు దగ్గర నాడి అందుతోందా, చెయ్యి చల్లగా చెమట పట్టి ఉందా చూడు. వేలిగోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. ఆ చుట్టులో వైద్యం చెయ్యకు. ధారగా కారే రక్తాన్ని గట్టిగా నొక్కించడం, నాలుక వెనక్కి పడి మూసుకున్న గొంతు తెరవడం మాత్రం ఆగి చెయ్యాలి.

ఒక రాత్రి సంగతి చెప్తాను. వానాకాలం, తెల్లవారుజాము నాలుగు దాటింది. డాక్టర్ని నేనొక్కదాన్నే, సిస్టర్లు ఇద్దరు, వెంటిలేటర్ ఒకటి. పది నిమిషాల తేడాలో నలుగురొచ్చారు. బైక్ మీంచి పడ్డ కుర్రాడు, తల చిట్లి మొహమంతా రక్తం, చెయ్యి విరిగింది, చుట్టూ పదిమంది, కేకలు. 108లో ఒకామె, పురుగుమందు తాగింది, నోటివెంట నురగ. తల్లి ఒళ్ళో తొమ్మిదేళ్ళ పిల్లాడు, కడుపునొప్పి, రెండు వాంతులు, మగతగా ఉన్నాడన్నారు. నాలుగో మనిషి ఒక నాయకుడి బావమరిది. జ్వరం, నీరసం. ఆయన లోపలికి రాకముందే నాకు ఫోనొచ్చింది.

కేకలు వింటే ముందు కుర్రాడి దగ్గరికే వెళ్ళాలనిపిస్తుంది. కానీ అంత గట్టిగా అరవగలుగుతున్నాడంటే గొంతు తెరిచే ఉంది, ఊపిరి ఆడుతోంది, తెలివి ఉంది. నాడి 96, చెయ్యి వెచ్చగా ఉంది. నెత్తి మీద చిన్న గాయానికీ రక్తం బాగా పోతుంది, గుడ్డ మడిచి నొక్కిపెడితే ఆగుతుంది. ఆ పని వాళ్ళన్నయ్యకే అప్పగించాను. పురుగుమందు తాగినామె ఛాతీలో గురగుర, కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి, రక్తంలో ఆక్సిజన్ 82 శాతం. ఆమెకు నిమిషాలే ఉన్నాయి.

నేను దాదాపు పొరబడింది పిల్లాడి దగ్గరే. ఏడవడం లేదు, కదలడం లేదు, నిద్రపోతున్నట్టున్నాడు. కడుపునొప్పే కదా, సెలైన్ పెట్టి బెంచీ మీద కూర్చోబెడదామనుకున్నాను. వెళ్ళబోతూ "కళ్ళు తెరు నాన్నా" అన్నాను. తెరవడానికి ప్రయత్నించాడు, రెప్పలు లేవలేదు. మాట ముక్కుతో వచ్చింది. రాత్రి ఎక్కడ పడుకున్నాడని అడిగితే "వసారాలో కింద చాప మీదమ్మా" అంది తల్లి. కట్లపాము. అది కరిస్తే వాపు ఉండదు, గాటు కూడా చాలాసార్లు కనబడదు. కడుపునొప్పితో మొదలై రెప్పలు వాలతాయి, మింగుడు పోతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. నిశ్శబ్దంగా ఉన్న రోగిని ఒకసారి మాట్లాడించకుండా ఎప్పుడూ దాటిపోకు.

తీవ్రతను బట్టి చీటీ మీద రంగు రాస్తాం. ఇద్దరూ ఎరుపే, అంటే వెంటనే చూడాల్సినవాళ్ళే. అప్పుడు ఎవరు ముందు? పెద్ద సిస్టర్ అంది, "పిల్లాడు మేడం, ఆమె కావాలనే తాగింది కదా" అని. ఆమె మంచి మనిషి, రాత్రంతా నిలబడి పనిచేసిన మనిషి, అయినా అలా అంది. ఆ మాట నువ్వూ వింటావు. తాగి బండి నడిపినవాడి గురించి వింటావు, పోలీసులు తెచ్చిన దొంగ గురించి వింటావు. తప్పెవరిదో లెక్కలోకి తీసుకోవడం మొదలుపెడితే మనం వైద్యం మాని తీర్పు చెప్తున్నట్టు. అది కూడా వివరాలు తెలియకుండా, అరనిమిషంలో. ఆమె ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో నాకేం తెలుసు? 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. వచ్చినవాడు నిర్దోషైనా నేరస్థుడైనా ముందు ప్రాణం నిలపాలి, చట్టం పనులు తర్వాత. పోలీసు కేసుల్లో ఆసుపత్రి రాసే ఎమ్మెల్సీ కాగితం రాయలేదని, పోలీసులు రాలేదని చికిత్స ఆపకూడదన్నది కూడా అందులోనే ఉంది.

నేను వేసుకున్న ప్రశ్న ఒక్కటే. ఇప్పుడు పది నిమిషాలు ఆలస్యం చేస్తే ఎవరికి ఎక్కువ నష్టం, నా చేత్తో దాన్ని ఆపగలనా? ఆమె ఊపిరితిత్తులు నీటితో నిండుతున్నాయి. విరుగుడు మందు అట్రోపిన్ పడితే నిమిషాల్లో తేడా వస్తుంది. పిల్లాణ్ణి గుక్క తిప్పుకోకుండా అంకెలు చెప్పమంటే 14 దాకా చెప్పాడు, అంటే ఇంకా కాస్త వ్యవధి ఉంది. నా చేతులు ఆమెకిచ్చాను. నోరు సక్షన్ చేసి అట్రోపిన్ ఎక్కించాను, ఛాతీలో గురగుర పోయేదాకా ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోయాను. పాపలు పెద్దవయ్యాయని ఆపకూడదు, ఊపిరి శబ్దం తేటపడాలి. అదే సమయంలో రెండో సిస్టర్ పిల్లాడికి పాము విషానికి విరుగుడు యాంటీ వీనం 10 వయల్స్ మొదలుపెట్టింది. పిల్లలకైనా డోసు పెద్దవాళ్ళదే, విషం శరీరం బరువు చూసుకుని తగ్గదు కదా.

వెంటిలేటర్ దగ్గర మాత్రం జవాబు మారింది. అరగంటకి ఆమె ఆక్సిజన్ 93కి వచ్చింది. పిల్లాడి లెక్క 11కి, తర్వాత 8కి పడింది. కండరాలు పనిచెయ్యనప్పుడు ఎంత మందు పోసినా ఊపిరి రాదు, యంత్రమే తియ్యాలి. వెంటిలేటర్ వాడికి పెట్టాను. సిస్టర్ "నేను చెప్పిందే చేశారు మేడం" అంది. చేసింది అదే, కారణం వేరు. చిన్నవాడని కాదు, ఆమెకు వేరే దారి పనిచేస్తోంది, వాడికి వేరే దారి లేదు. ఆమె మందుకు లొంగకపోయుంటే ఇద్దరిలో ఒకరికి చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కుతూ పెద్దాసుపత్రికి 108లో పంపేదాన్ని. ఒకటే మిగిలిందనుకునే ముందు ఇంకొకటి ఎక్కడుందో వెతకాలి.

బావమరిది సంగతి. ఫోన్లో "చూశానండీ, ఊపిరీ నాడీ బాగున్నాయి, గంట ఆగగలరు, మార్పొస్తే వెంటనే చూస్తాను" అని చెప్పాను. నిజం కూడా అంతే. నేను ప్రతిసారీ నాకు వేసుకునే ప్రశ్న ఇది: ఫలానా వాళ్ళని ముందు ఎందుకు చూశానో బెంచీల మీదున్న అందరికీ వినబడేలా చెప్పగలనా? "ఆయనకి ఊపిరాడటం లేదు" అని చెప్పగలను. "ఆయన ఫలానావారి బంధువు" అని చెప్పలేను. నెపోలియన్ సైన్యంలో సర్జన్ లారే ఈ పద్ధతికి పునాది వేశాడంటారు. హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి ముందూ వెనకా చూడాలన్నాడాయన. ముందొచ్చినవాళ్ళకి ముందు అన్నది కూడా న్యాయమే, కానీ ఒకే రంగులో ఉన్నవాళ్ళ మధ్యనే. అందరికీ అదే పెడితే ఊళ్ళో ఉన్నవాడు, సొంత కారున్నవాడు గెలుస్తాడు, తండా నుంచి ఆటోలో వచ్చినవాడు ఓడిపోతాడు.

బస్సు బోల్తా పడి నలభైమంది ఒకేసారి వస్తే ఈ లెక్క తిరగబడుతుంది. మామూలు రాత్రి అందరికంటే విషమంగా ఉన్నవాడికి అందరం చేరతాం. ఆ రోజు గొంతు తెరిచినా ఊపిరి తియ్యనివాణ్ణి దాటి ముందుకెళ్ళాలి, ఎందుకంటే ఆ ఒక్కడి దగ్గర ఆగితే బతికే అవకాశమున్న ముగ్గురు పోవచ్చు. పిడుగుపాటు దీనికి మినహాయింపు. ఊపిరి ఆగినట్టున్నవాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాలి, చాలామంది తిరిగొస్తారు. ఈ మార్పు నీ ఒక్కదాని నిర్ణయం కాకూడదు, సూపరింటెండెంటుకో సీనియర్‌కో ఫోన్ చేసి, సమయం రాసి మొదలుపెట్టు. బతికే ఆశ లేదని నల్ల రంగు పెట్టిన మనిషిని గోడవైపు తోసెయ్యకు. నొప్పికి మందు, పక్కన ఒక మనిషి, మీద దుప్పటి ఉండాలి. చేతులు ఖాళీ అయిన వెంటనే మళ్ళీ చూడాలి.

నేను తప్పు చేసిన రాత్రి కూడా చెప్పాలి. డెబ్బై దాటిన పెద్దాయన, షుగరు ఉంది, "గ్యాసు పట్టేసిందమ్మా" అన్నాడు. నొప్పి లేదన్నాడు. ఆగగలడని ఆకుపచ్చ రాసి బెంచీ మీద కూర్చోబెట్టాను. తర్వాత వచ్చిన యాక్సిడెంట్ కేసుల్లో పడి గంటన్నర అటు చూడలేదు. చూసేసరికి చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఈసీజీ తీస్తే పెద్ద గుండెపోటు. తెల్లారకముందే పోయాడు. షుగరున్నవాళ్ళకి గుండెపోటులో నొప్పి రాకపోవచ్చని నాకు తెలుసు, పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలనీ తెలుసు. ఆయన కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు. "ఇక్కడే కూర్చున్నాం కదమ్మా" అన్నాడు.

అప్పటినుంచీ పసుపు రాసినవాళ్ళని పావుగంటకోసారి, ఆకుపచ్చ రాసినవాళ్ళని అరగంటకోసారి తిరిగి చూసేదాన్ని. నాకు కుదరకపోతే సిస్టర్ పేరు రాసి అప్పజెప్పేదాన్ని, చీటీ మీద రంగు పక్కన టైము వేసేదాన్ని. బెంచీ మీద కూర్చోబెట్టేటప్పుడు కూడా ఊరికే "ఆగండి" అనకు. "లోపల ఒకరికి ఊపిరాడటం లేదు, మీరు అరగంట ఆగగలరు, ఆయాసం వచ్చినా చెమట పట్టినా మాట తడబడినా సిస్టర్‌ని కేకెయ్యండి" అని చెప్పు. వాళ్ళ కళ్ళు నీకు సాయం చేస్తాయి.

మీ అమ్మ చేతికి నా పాత వాచీ ఇచ్చి పంపుతున్నాను. పట్టీ మార్పించాను. నీ ఫోన్ తీసి చూస్తూ నిలబడితే పక్కనున్నవాళ్ళు వేరేలా అనుకుంటారు. దీనికి సెకన్ల ముల్లుంది, ఊపిరి లెక్కపెట్టేటప్పుడు పూర్తి నిమిషం చూడు.

మీ పెద్దమ్మ